ధనత్రయోదశికి ప్రీమియం, ఇప్పుడు డిస్కౌంట్: ఫాల్గుణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు దీన్ని ఎలా చూడాలి?

కోనసీమ_సుజాత
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో. మొత్తం పది కాసుల నగలు చేయించాలి. 2025 అక్టోబరులో ధనత్రయోదశి ముందు మన దేశంలో బంగారం డీలర్లు ఔన్సుకు 25 డాలర్ల దాకా ప్రీమియం తీసుకున్నారని వార్తల్లో చదివాను. దీపావళి అయిపోగానే అది డిస్కౌంట్‌గా మారిందన్నారు. ఇప్పుడు నవంబరు చివరికొచ్చాం. మా ఊళ్లో రెండు కొట్లకు వెళ్లి అడిగితే ఇద్దరూ ఒకే బోర్డు రేటు చెప్పారు. డిస్కౌంట్ మాటే ఎత్తలేదు. ఈ డిస్కౌంట్ ఎవరికి వెళ్తోంది? పండగలు, ముహూర్తాలు చూసుకుని కొంటే మనలాంటి వాళ్లకు నిజంగా ఏమైనా మిగులుతుందా?

శ్రీను_కూకట్‌పల్లి
చాలా సింపుల్ అక్కా. పెళ్లిళ్ల సీజన్‌లో గిరాకీ, అందుకే ప్రీమియం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, అందుకే డిస్కౌంట్. మా ఇంట్లో ఎప్పుడూ ఆషాఢంలోనే కొంటాం. షాపులవాళ్లు కూడా తరుగు మీద ఆఫర్లు పెడతారు. మీకు ఆషాఢం దాటిపోయింది కాబట్టి ధనుర్మాసంలో కొనేయండి, అప్పుడూ పెళ్లిళ్లు ఉండవుగా.

పొదుపు_లక్ష్మి
ప్రీమియం గురించి నా అనుభవం చెప్తాను. నేను ధనత్రయోదశికి ఒక బ్యాంకులో పది గ్రాముల నాణెం తీసుకున్నాను. ఆరోజు బోర్డు రేటు కన్నా చాలా ఎక్కువే పడింది. తర్వాత అమ్ముదామని అడిగితే బ్యాంకు తిరిగి కొనదన్నారు, బయట కొట్టులో మామూలు బంగారం రేటే ఇస్తామన్నారు. కాబట్టి ప్రీమియం పెట్టి కొనకండి సుజాత గారూ, అది తిరిగి రాదు.

బులియన్_రమణ
లక్ష్మి గారూ, మీరు కట్టింది నాణెం తయారీకి, ప్యాకింగుకి, అమ్మేవాళ్ల లాభానికి పడిన అదనం. అది ఏడాది పొడవునా ఉంటుంది, సీజన్‌తో పెద్దగా పని లేదు. సుజాత గారు అడిగింది వేరే ప్రీమియం గురించి. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా హోల్‌సేల్ బిస్కెట్ల కౌంటర్‌లో ఉన్నాను, అక్కడ ఎలా జరుగుతుందో చెప్తాను.

లండన్ ధర డాలర్లలో, ఔన్సుకి ఉంటుంది. ఔన్సు అంటే 31.1035 గ్రాములు. దాన్ని రూపాయల్లోకి మార్చి, 6 శాతం దిగుమతి సుంకం, 3 శాతం జీఎస్టీ కలిపితే, బంగారం మన దేశంలో దిగేసరికి ఎంత పడాలో తెలుస్తుంది. ముంబై, అహ్మదాబాద్ డీలర్లు నగల వ్యాపారులకు ఆ లెక్క కన్నా ఎక్కువకు అమ్మితే ప్రీమియం, తక్కువకు వదిలేస్తే డిస్కౌంట్. వార్తల్లో వచ్చేది ఈ అంకే. ఇది డీలర్‌కీ నగల వ్యాపారికీ మధ్య ఉండే తేడా. మీ బిల్లులో దీనికి వేరే గడి ఉండదు.

ఇక సీజన్ సంగతి. శ్రీను గారు చెప్పిన దిశ సరైనదే. కానీ ఎప్పుడన్నదే ముఖ్యం. నగల వ్యాపారి పెళ్లి రోజున బిస్కెట్ కొనడు. పండక్కి రెండు మూడు వారాల ముందే కొని స్వర్ణకారులకు పనికి ఇస్తాడు. నగ తయారై, హాల్‌మార్క్ పడి షోరూముకు రావాలి కదా. అందుకే హోల్‌సేల్‌లో ప్రీమియం పండగ రోజు కన్నా ముందు, సరుకు నింపుకునే రోజుల్లో పైకి వెళ్తుంది. ధనత్రయోదశి ఉదయం మీరు కొట్టు ముందు క్యూలో నిలబడే వేళకు మా కౌంటర్ దగ్గర గిరాకీ అప్పటికే పల్చబడుతూ ఉంటుంది. నాణేలూ చిన్న బిస్కెట్లూ మాత్రమే చివరి రోజు దాకా పోతాయి. పండగ అయ్యాక నగల వ్యాపారి మిగిలిన స్టాకు అమ్ముకునే దాకా మళ్లీ కొనడు. మా దగ్గరేమో దిగుమతి చేసుకున్న సరుకు మిగిలి ఉంటుంది, బ్యాంకుకు దాని మీద వడ్డీ కట్టాలి. అప్పుడు డిస్కౌంట్‌కు వదిలేస్తాం.

శ్రీను_కూకట్‌పల్లి
అదే నేనూ అన్నది రమణ గారూ. సీజన్ ముందు ప్రీమియం, సీజన్ లేనప్పుడు డిస్కౌంట్. ప్రతి ఏడాదీ ఇదే తిరుగుతుంది.

బులియన్_రమణ
ప్రతి ఏడాదీ తిరగదు. క్యాలెండర్ ఒక్కటే చూస్తే దెబ్బతింటారు. రెండు ఏళ్లు చెప్తాను.

2013లో ప్రభుత్వం సుంకాన్ని 10 శాతానికి పెంచింది, పైగా రిజర్వు బ్యాంకు 80:20 నిబంధన పెట్టింది. దిగుమతి చేసిన ప్రతి లాటులో అయిదో వంతు ఎగుమతికి కేటాయించాలి. బ్యాంకులు దిగుమతులు దాదాపు ఆపేశాయి. గిరాకీ ఉంది, సరుకు లేదు. ఆ డిసెంబరులో ప్రీమియం ఔన్సుకు 160 డాలర్లకు వెళ్లింది. డిసెంబరు సగం నుంచి ధనుర్మాసం, మన దగ్గర పెళ్లిళ్లే లేవు. అయినా ప్రీమియం పోలేదు. ఆ నిబంధనను 2014 నవంబరులో ఎత్తేశారు.

2024 అందుకు తిరగబడిన కథ. జులైలో, ఆషాఢంలో, బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6 శాతానికి దించారు. ఆషాఢం అంటే డిస్కౌంట్ ఉండాలి కదా. ఆ వారం రేటు పది గ్రాములకు వేలల్లో పడేసరికి జనం కొట్లకు పరిగెత్తారు, డిస్కౌంట్ పోయి ప్రీమియం వచ్చింది. 15 శాతం కట్టి తెచ్చుకున్న పాత స్టాకు ఉన్నవాళ్ల బాధ మాత్రం నేను కళ్లారా చూశాను.

సీజన్ గిరాకీని తెస్తుంది, అంతవరకే. ఆ గిరాకీ ప్రీమియంగా మారుతుందా లేదా అన్నది సరుకు ఎంత ఉంది, ధర ఎక్కడుంది అన్న వాటి మీద ఆధారపడుతుంది.

పంచాంగం_శర్మ
ఇందులో ఒక విషయం ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది శుక్ర మౌఢ్యమి 2025 నవంబరు 26 నుంచి 2026 ఫిబ్రవరి 17 వరకు ఉంది. పంచాంగాల మధ్య ఒకటి రెండు రోజుల తేడా ఉండొచ్చు. మామూలుగా మనకు పెళ్లిళ్లు దండిగా జరిగేది మాఘంలో. ఈసారి మాఘమాసం మొత్తం మౌఢ్యమిలోనే పోయింది. ఫిబ్రవరి 17న అమావాస్య, 18 నుంచి ఫాల్గుణం. అంటే మాఘంలో జరగాల్సిన పెళ్లిళ్లన్నీ ఫాల్గుణంలోకి, ఉగాది దాటాక వచ్చే ముహూర్తాల్లోకి నెట్టబడ్డాయి. 2024లోనూ వైశాఖ, జ్యేష్ఠాలు మౌఢ్యమిలో పోయి, వెనకే ఆషాఢం వచ్చి, శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. ఆ ఏడాది అక్షయ తృతీయ మే 10న, మౌఢ్యమి మధ్యలో పడింది.

సుజాత గారి అమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో కుదిరిందంటే ఆ నెల ఎంత రద్దీగా ఉంటుందో ఊహించుకోండి. జనవరి చివర్లోనే నగల వ్యాపారులు సరుకు నింపుకుంటారని నా అంచనా.

బులియన్_రమణ
శర్మ గారూ, మంచి విషయం ఎత్తారు. రద్దీ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ జనవరి చివర్లో నింపుకుంటారన్నది నాకు అనుమానమే. ఫిబ్రవరి 1న బడ్జెట్. బడ్జెట్ ముందు సుంకం తగ్గుతుందేమోనన్న ఆశతో నగల వ్యాపారులు చేతులు కట్టుకుని కూర్చుంటారు. 2024 జులైలో తగిలిన దెబ్బ ఇంకా అందరికీ గుర్తుంది. ఆ రోజుల్లో మామూలుగా మా దగ్గర డిస్కౌంటే నడుస్తుంది. నింపుకోవడం బడ్జెట్ అయిన మర్నాటి నుంచి మొదలవుతుంది.

ఎక్సెల్_కిరణ్
నేను ఒక లెక్క చేశాను, చూసి చెప్పండి. నిన్న ఎంసీఎక్స్ ఫ్యూచర్స్ మార్కెట్‌లో పది గ్రాములు 1,24,500 ఉన్నప్పుడు మా ఊరి బులియన్ కొట్టులో 999 బిస్కెట్ జీఎస్టీ కాకుండా 1,25,300 చెప్పారు. తేడా 800. అంటే గ్రాముకు 80 రూపాయలు. రూపాయి 89 దగ్గర ఉందనుకుంటే ఔన్సుకు దాదాపు 28 డాలర్ల ప్రీమియం. దేశమంతా డిస్కౌంట్ అంటుంటే మా ఊళ్లో 28 డాలర్ల ప్రీమియం ఏంటి? కొట్టువాడు మోసం చేస్తున్నాడా?

బులియన్_రమణ
మోసం కాకపోవచ్చు కిరణ్. నువ్వు రెండు వేరే వస్తువుల్ని పోలుస్తున్నావు. ఎంసీఎక్స్ కిలో కాంట్రాక్టు ధర 995 స్వచ్ఛత బంగారానికి. కొట్టులో నీకు చెప్పింది 999కి. ఆ 0.4 శాతం తేడాయే ఈ ధర దగ్గర పది గ్రాములకు దాదాపు 500 రూపాయలు. అది తీసేస్తే మిగిలింది 300, అంటే ఔన్సుకు 10 డాలర్ల చిల్లర. అందులో కొంత ముంబై నుంచి మీ ఊరికి రవాణా, బీమా, ఆ కొట్టు కమిషన్. పైగా నువ్వు చూసిన ఎంసీఎక్స్ ధర ఏ నెల కాంట్రాక్టుది? దూరపు నెల అయితే అందులో వడ్డీ కూడా కలిసి ఉంటుంది, దానితో పోల్చకూడదు.

ఇంకొకటి. పొద్దున బోర్డు మీద రాసిన రేటును సాయంత్రం ఎంసీఎక్స్‌తో పోల్చినా తప్పే. అక్టోబరు 21న అంతర్జాతీయ ధర ఒక్క రోజులో 5 శాతానికి పైగా పడింది. అలాంటి రోజు పొద్దున రేటుతో చూస్తే ఎక్కడలేని ప్రీమియమూ కనిపిస్తుంది.

నీకు సరైన లెక్క కావాలంటే లండన్ నుంచి మొదలుపెట్టు. లెక్క కోసం ఔన్సు 4,100 డాలర్లు, రూపాయి 89 అనుకుందాం. 31.1035తో భాగిస్తే గ్రాము 131.8 డాలర్లు, అంటే 11,732 రూపాయలు. దాని మీద 6 శాతం సుంకం కలిపితే 12,436. లండన్ ధర స్వచ్ఛమైన బంగారానికి కాబట్టి దీన్ని 999 రేటుతో, జీఎస్టీ లేకుండా, అదే గంటలో నేరుగా పోల్చుకోవచ్చు. నీ ఊరి రేటు దీని కన్నా తక్కువ ఉంటే డిస్కౌంట్ మీ ఊరి దాకా వచ్చినట్టే.

దీనిలోనూ ఒక చిన్న లొసుగు ఉంది. సుంకం వేసేది ఆరోజు లండన్ ధర మీద కాదు. కస్టమ్స్ వాళ్లు సుమారు పదిహేను రోజులకోసారి ఒక ప్రామాణిక విలువ ప్రకటిస్తారు, సుంకం దాని మీద లెక్క. మధ్యలో ధర బాగా పెరిగిపోతే, పాత తక్కువ విలువ మీద సుంకం కట్టి తెచ్చినవాడికి కొద్దిగా మిగులుతుంది, అతను డిస్కౌంట్ ఇవ్వగలడు. అలాంటి డిస్కౌంట్‌కూ సీజన్‌కూ ఏ సంబంధం లేదు.

కోనసీమ_సుజాత
రమణ గారూ, లెక్క అర్థమైంది. ఇప్పుడు నా పది కాసులకు ఇది ఎంతవుతుందో చెప్తారా? 25 డాలర్ల ప్రీమియం ఉన్నప్పుడు కొన్నవాళ్లు ఎంత నష్టపోయినట్టు?

ఎక్సెల్_కిరణ్
నేను చేస్తానండీ. పది కాసులంటే 80 గ్రాములు, 22 క్యారెట్. అందులో స్వచ్ఛమైన బంగారం 73.3 గ్రాములు. రమణ గారి లెక్కలో 25 డాలర్ల ప్రీమియం గ్రాముకు 71 రూపాయల 50 పైసలు. మొత్తం మీద దాదాపు 5,240 రూపాయలు.

తరుగు 12 శాతం వేశారనుకుంటే 9.6 గ్రాములు. 22 క్యారెట్ రేటు 11,391 చొప్పున లక్షా తొమ్మిది వేలు. అంటే తరుగులో ఒక్క శాతం తగ్గించుకుంటే 9,100. సీజన్ ప్రీమియం మొత్తం కలిపినా తరుగులో ఒక శాతానికి చాలదు! నిజంగానా? నేను రెండుసార్లు చూసుకున్నాను.

బులియన్_రమణ
నిజమే. పేపర్లో 25 డాలర్లు అని చదివితే పెద్దదిగా కనిపిస్తుంది. ఔన్సు నాలుగు వేల డాలర్లు దాటిన రోజుల్లో అది 0.6 శాతం. వందల కిలోలు తిప్పే డీలర్‌కు అది ప్రాణం. పది కాసులు కొనే ఇంటికి కాదు. 2013 నాటి 160 డాలర్లు వేరు, అప్పుడు ఔన్సు ధరే 1,200 ప్రాంతంలో ఉండేది. 13 శాతం అన్నమాట.

ప్రొద్దుటూరు_కొట్టు
మాది ప్రొద్దుటూరులో చిన్న నగల కొట్టు. మా వైపు మాట కూడా వినండి. సుజాత గారు డిస్కౌంట్ ఎవరికి వెళ్తోందని అడిగారు. ఇప్పుడు మాకు బిస్కెట్ కొంచెం తక్కువకు దొరుకుతున్న మాట నిజం. కానీ బోర్డు రేటు మా సంఘం ప్రకటించేది, ఒక్కడినే దించలేను. మేం దాన్ని తరుగులోనే తగ్గించి ఇస్తాం. శ్రీను గారు చెప్పిన ఆషాఢం ఆఫర్లలోనూ చాలావరకు ఇదే జరుగుతుంది, కొంత డిస్కౌంట్‌కు దొరికిన బంగారం, కొంత మా లాభం వదులుకోవడం. గిరాకీ రద్దీగా ఉన్న ముహూర్తాల నెలలో తరుగు మీద ఒక్క పైసా తగ్గించం, ఎందుకంటే స్వర్ణకారులకే ఖాళీ ఉండదు. ఈ ఫాల్గుణంలో అదే జరగబోతోంది. ధర లెక్క పక్కన పెట్టండమ్మా, పని ఆర్డరు ముందే ఇవ్వండి.

దీపావళి తర్వాత కార్తీకంలో పెళ్లిళ్లు ఉన్నా డిస్కౌంట్ ఎందుకు వచ్చిందని కొందరు అడుగుతున్నారు. మా కొట్టులో కనిపించింది చెప్తాను. రేటు ఇంత పెరిగాక పెళ్లివాళ్లు కొత్త బంగారం కొనడం తగ్గించారు. అమ్మమ్మ గొలుసు, పాత వడ్డాణం తెచ్చి కరిగించి కొత్తది చేయించుకుంటున్నారు. పెళ్లి నగలు తయారవుతున్నాయి, కానీ దానికి కొత్త బిస్కెట్ అక్కర్లేదు. పాత బంగారమే శుద్ధి అయి తిరిగి మార్కెట్‌లోకి వస్తోంది. మరి డీలర్ దగ్గర దిగుమతి సరుకు కదలదు కదా.

శ్రీను_కూకట్‌పల్లి
అయితే అక్టోబరులో రికార్డు రేటు దగ్గర ప్రీమియం ఎలా వచ్చింది? రేటు పెరిగితే గిరాకీ తగ్గాలి, డిస్కౌంట్ రావాలి కదా మీ లెక్క ప్రకారం.

బులియన్_రమణ
మంచి ప్రశ్న. అక్టోబరులో కొన్నది ఎక్కువగా నగల కోసం కాదు. రేటు ఇంకా పెరుగుతుందన్న భయంతో బిస్కెట్లు, నాణేలు, ఈటీఎఫ్‌లు కొన్నారు. అలాంటి కొనుగోలుదారు ధర పెరిగిన కొద్దీ ఇంకా తొందరపడతాడు. పెళ్లివాళ్లు ధర పెరిగితే గ్రాములు తగ్గిస్తారు. పైగా పాత బంగారం ఉన్నవాళ్లు ఇంకా పెరుగుతుందని అమ్మకుండా పట్టుకున్నారు. వెండిలో అయితే ఆ నెల సరుకే దొరకలేదు, కొన్ని వెండి ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం తాత్కాలికంగా ఆపేశాయి. కాబట్టి ఆ 25 డాలర్లను ఒట్టి ధనత్రయోదశి ప్రీమియం అనలేం. పండగ ఎంత, భయం ఎంత అని విడదీసి చెప్పే కొలత నా దగ్గర లేదు.

పంచాంగం_శర్మ
మరి మౌఢ్యమి ప్రభావం దేశవ్యాప్త ప్రీమియంలో కనిపిస్తుందంటారా? ఉత్తరాదిలో కూడా శుక్రాస్తం పాటిస్తారు. నవంబరులో ఉత్థాన ఏకాదశితో వాళ్ల సీజన్ మొదలవుతుంది, డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా వాళ్లకూ ఖర్‌మాస్, ముహూర్తాలు ఉండవు.

బులియన్_రమణ
మా కౌంటర్‌లో కనిపిస్తుంది. ముంబై అంకెలో కనిపిస్తుందా అన్నది నేను గట్టిగా చెప్పలేను. ముహూర్తాలు లేని రోజులు సాధారణంగా ధనుర్మాసంతోనో, బడ్జెట్ ఎదురుచూపుతోనో, మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగింపుకు డబ్బు బిగుసుకోవడంతోనో కలిసే వస్తాయి. దేని వల్ల ఎంత డిస్కౌంట్ అని విడదీయడం కష్టం.

ప్రొద్దుటూరు_కొట్టు
నాకైతే అనుమానం లేదు. మౌఢ్యమి నెలల్లో మా వీధి ఖాళీ. పెళ్లికూతురి తల్లి రాకపోతే మేం బిస్కెట్ ఎందుకు కొంటాం?

పొదుపు_లక్ష్మి
అయితే సుజాత గారు ఇప్పుడు డిస్కౌంట్‌లో బిస్కెట్ కొనిపెట్టుకుని, ఫిబ్రవరిలో దాన్ని ఇచ్చి నగలు చేయించుకుంటే సరిపోతుందిగా?

బులియన్_రమణ
ఎలా చేయిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. బిస్కెట్ కొన్నప్పుడు 3 శాతం జీఎస్టీ కడతారు. దాన్ని షోరూములో మార్చుకుని తయారుగా ఉన్న నగ తీసుకుంటే, ఆ నగ మొత్తం విలువ మీద మళ్లీ 3 శాతం పడుతుంది. పది కాసుల బంగారం మీద ఆ రెండో జీఎస్టీయే 27 వేల పైచిలుకు. సీజన్ డిస్కౌంట్ పేరుతో మిగిలే అయిదు వేలు ఎక్కడ, ఇదెక్కడ. అదే బిస్కెట్‌ను మీకు నమ్మకమున్న స్వర్ణకారుడికి ఇచ్చి, మీ బంగారంతోనే చేయించుకుంటే మజూరీ మీద మాత్రమే జీఎస్టీ పడుతుంది. అప్పుడు తూకం రాయించుకోండి, బిస్కెట్ మీది నంబరు రాయించుకోండి, నగకు హాల్‌మార్క్ వేయించి ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి.

ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నది మాత్రం నన్ను అడగకండి. ఒక్క రోజులో 5 శాతం కదిలిన దాని పక్కన మా ప్రీమియం డిస్కౌంట్లు ఏ మూలకూ రావు.

కోనసీమ_సుజాత
మా ఊళ్లో తెలిసిన స్వర్ణకారుడు ఉన్నారు, మా అత్తగారి కాలం నుంచి చేస్తున్నారు. ఈ వారం వెళ్లి, హారానికీ గాజులకూ ఎన్ని రోజులు పడుతుందో, హాల్‌మార్క్ ఎక్కడ వేయిస్తారో అడుగుతాను. సగం బంగారం ఇప్పుడు, మిగతా సగం బడ్జెట్ అయ్యాక ఇస్తే ఒప్పుకుంటారా అన్నది చూడాలి.

ప్రొద్దుటూరు_కొట్టు
ఒప్పుకుంటారు. హారం ముందు మొదలుపెట్టించండి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది. గాజులు ఫిబ్రవరిలో ఇచ్చినా అందుతాయి, కాకపోతే ఫాల్గుణం మొదటి ముహూర్తం లోపు హాల్‌మార్కింగ్ సెంటర్ దగ్గర వరస పెరుగుతుంది. ఒక వారం చేతిలో ఉంచుకోండి.